నొప్పి తగ్గడం వేరు, మోకాలు సిద్ధం కావడం వేరు



స్పోర్ట్స్ మీట్ దగ్గరపడే రోజుల్లో పేరెంట్-టీచర్ మీటింగ్‌కి వచ్చే తల్లిదండ్రుల్లో ఒకరిద్దరు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "మేడమ్, మా వాడికి మోకాలి ఆపరేషన్ అయి నాలుగు నెలలైంది. ఇప్పుడు నొప్పేమీ లేదు, మెట్లు కూడా చకచకా ఎక్కేస్తున్నాడు. టీమ్‌లో ఆడించవచ్చా?" నేను ఇంగ్లిష్ టీచర్‌ని, డాక్టర్‌ని కాదు. అయినా ఈ ప్రశ్న వినగానే మా ఇంట్లో గడిచిన పదకొండు నెలలు గుర్తొస్తాయి. మా చెల్లికి మోకాలి లిగమెంట్ తెగినప్పుడు ఫిజియో చెప్పిన ప్రతి వ్యాయామాన్నీ, ప్రతి కొలతనీ ఒక నోట్‌బుక్‌లో రాసే పని నాదే. ఆ నోట్‌బుక్‌లోంచి మీకు పనికొచ్చేవి ఇక్కడ చెబుతాను.

ముందు లిగమెంట్ సంగతి. మోకాలి లోపల తొడ ఎముకనూ కింది కాలి ఎముకనూ కలిపే గట్టి తాడులాంటి కట్టు ఒకటుంది. దాన్ని ఏసీఎల్ అంటారు. పరుగెత్తుతూ ఒక్కసారిగా పక్కకి తిరిగినా, ఎగిరి ఒంటికాలి మీద దిగినా కింది ఎముక ముందుకి జారకుండా, మెలి తిరగకుండా పట్టుకునేది అదే. కబడ్డీ, ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, బ్యాడ్మింటన్ ఆడే పిల్లల్లో ఎక్కువగా తెగేదీ అదే. చాలాసార్లు ఎవరూ తగలకుండానే తెగుతుంది.

చెల్లి డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉండగా కబడ్డీ ప్రాక్టీస్‌లో రైడ్‌కి వెళ్లి, లైన్ వైపు చప్పున తిరగబోయింది. కుడి మోకాలు లోపలికి ఒరిగింది, 'టప్'మని శబ్దం వచ్చింది. రెండు గంటల్లో మోకాలు పొంగింది. అంత త్వరగా వాపు వస్తే లోపల రక్తం చేరిందని అర్థమట. ఎంఆర్ఐలో ఏసీఎల్ పూర్తిగా తెగినట్టు తేలింది. మూడు వారాల తర్వాత, ఆగస్టులో ఆపరేషన్ జరిగింది. వాపు తగ్గి, కాలు పూర్తిగా చాచగలిగే వరకు సర్జన్ ఆగారు. బిగుసుకుపోయిన మోకాలికి ఆపరేషన్ చేస్తే తర్వాత కూడా అది బిగుసుకునే ఉండే ప్రమాదం ఎక్కువట. ఆపరేషన్‌లో ఆమె తొడ వెనక నుంచే స్నాయువు తీసి, తెగిన లిగమెంట్ స్థానంలో అమర్చారు. ఈ కొత్త తాడును గ్రాఫ్ట్ అంటారు.

మొదటి ఆరు వారాలు: వంచడం కన్నా చాచడం ముఖ్యం

ఆపరేషన్ అయి ఇంటికి రాగానే మన ఇళ్లలో చేసే మొదటి పని మోకాలి కింద మెత్తటి దిండు పెట్టడం. కాస్త వంగి ఉంటే మోకాలికి హాయిగా ఉంటుంది కాబట్టి పిల్లలు కూడా అలాగే పెట్టమంటారు. మా ఫిజియో మొదటి రోజే ఆ దిండు తీసి మడమ కింద పెట్టించారు. అప్పుడు మోకాలు గాల్లో ఉండి, దాని బరువుకే నెమ్మదిగా చాచుకుంటుంది. ఇలా పది నిమిషాల చొప్పున రోజుకి నాలుగైదు సార్లు ఉంచమన్నారు. మొదటి వారాల్లో కాలు పూర్తిగా చాచుకోకపోతే గ్రాఫ్ట్ ముందు మచ్చ కణజాలం పేరుకుని తలుపుకి అడ్డం పెట్టిన చెక్కలా ఆపేస్తుంది. అలా అయితే మళ్లీ చిన్న ఆపరేషన్ చేసి దాన్ని తీయాల్సి రావచ్చు. కాస్త కూడా చాచుకోని కాలితో నడిస్తే కుంటు పోదు, తొడ కండరం కోలుకోదు.

రెండో పని తొడ ముందు కండరాన్ని మేల్కొలపడం. మోకాలి లోపల వాపు ఉన్నంత కాలం ఆ కండరానికి వెళ్లే ఆదేశం మందగిస్తుంది. చెల్లి మూడో రోజు కాలు బిగించమంటే ఎంత ప్రయత్నించినా తొడ కదల్లేదు. "అక్కా, ఇది నా కాలే కాదనిపిస్తోంది" అంది. మోకాలి కింద చుట్టిన టవల్‌ని కిందికి నొక్కుతున్నట్టు తొడ బిగించి, ఐదు సెకన్లు ఉంచి వదలాలి. పదేసి సార్లు, రోజంతా. ఐదో రోజుకి మోకాలి చిప్ప పైకి కదలడం కనబడింది. తర్వాత కాలు నిటారుగా ఎత్తడం. ఎత్తినప్పుడు మోకాలు కొద్దిగా కూడా వంగకూడదు. వంగిందంటే కండరం ఇంకా సిద్ధం కాలేదన్న మాట. చంకకర్రలు వదిలేదీ తేదీ చూసి కాదు, కుంటకుండా నడవగలిగినప్పుడే. చెల్లికి దానికి మూడు వారాలు పట్టింది.

వంచడం మాత్రం తొందర లేకుండా జరుగుతుంది. రెండు వారాలకి తొంభై డిగ్రీలు, అంటే కుర్చీలో కూర్చునేంత, ఆరు వారాలకి నూట ఇరవై డిగ్రీల దాకా వస్తే చాలన్నారు. బాసింపట్టు వేసుకోవడం, కింద కూర్చుని భోంచేయడం, ఇండియన్ టాయిలెట్ వాడడం ఇవన్నీ చాలా లోతుగా వంచాల్సినవి. వాటికి ఫిజియో అనుమతి వచ్చే దాకా కుర్చీ, కమోడ్ ఏర్పాటు చేసుకోవాలి. మా నానమ్మ నువ్వుల నూనె వేడిచేసి మర్దన చేస్తానని రోజూ పట్టుబట్టేది. వాపు ఉన్న మోకాలికి వేడీ మర్దనా వాపుని పెంచుతాయని, ఐస్‌ప్యాక్ గుడ్డలో చుట్టి పదిహేను నిమిషాలు పెట్టమని ఫిజియో ఆమెకే స్వయంగా వివరించారు. ఆ తర్వాత ఐస్‌ప్యాక్ బాధ్యత నానమ్మే తీసుకుంది.

ఈ రోజుల్లో పిక్క బాగా వాచి నొప్పి పుట్టినా, జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర చీము కారినా, ఊపిరి ఆడకపోయినా ఫిజియో అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మూడో నెల: అన్నిటికన్నా మోసం చేసే సమయం

ఆరు వారాలు దాటాక చెల్లి స్టాటిక్ సైకిల్ తొక్కింది, గోడకి ఆనుకుని సగం కూర్చుని లేచింది, చిన్న మెట్టు ఎక్కి దిగింది. మూడో నెలకి నొప్పి లేదు, నడక మామూలుగా ఉంది. ఇంట్లో అందరం "బాగైపోయింది" అనుకున్నాం. ఫిజియో మాత్రం ఇప్పుడే ఎక్కువ జాగ్రత్త అన్నారు. ఎందుకో ఆయన చెప్పిన మాట మీరు కూడా గుర్తుంచుకోవాలి.

స్నాయువుని ఒక చోటి నుంచి తీసి ఇంకో చోట పెట్టగానే దానికి రక్త సరఫరా ఉండదు. అందులోని పాత కణాలు చాలావరకు చనిపోతాయి. తర్వాత చుట్టుపక్కల నుంచి కొత్త రక్తనాళాలు, కొత్త కణాలు అందులోకి చేరి, నెమ్మదిగా దాన్ని లిగమెంట్‌లాగా మార్చుకుంటాయి. ఈ మార్పు మధ్యలో, అంటే ఆపరేషన్ తర్వాత రెండు మూడు నెలల ప్రాంతంలో, గ్రాఫ్ట్ పెట్టిన రోజుకన్నా బలహీనంగా ఉంటుంది. పూర్తిగా మారడానికి ఏడాది పైనే పడుతుంది. కానీ గ్రాఫ్ట్ బలహీనంగా ఉన్నప్పుడు నొప్పి పుట్టదు. నొప్పి చర్మానికీ కీలు పొరకీ సంబంధించింది, అవి ముందే మానిపోతాయి. అందుకే ఈ గాయంలో నొప్పి తగ్గడం లోపల ఏం జరుగుతోందో చెప్పదు.

మరి ఏం చూడాలి? ఇంట్లో మనం చూడగలిగేది వాపు. మోకాలి చిప్ప మధ్య నుంచి టేప్‌తో చుట్టుకొలత తీసి, రెండో మోకాలితో పోల్చాలి. కొత్త వ్యాయామం చేసిన మర్నాడు పొద్దున కొలత పెరిగితే నిన్నటి బరువు ఎక్కువైందని అర్థం. మేం దాన్నే నియమంగా పెట్టుకున్నాం. వాపు పెరిగితే ఒక మెట్టు వెనక్కి, రెండు రోజులు పెరగకపోతేనే ఒక మెట్టు ముందుకి. నా నోట్‌బుక్‌లో అక్టోబర్ నెలలో మూడు చోట్ల "సెంటీమీటర్ పెరిగింది, స్టెప్స్ సగం చేయాలి" అని ఉంది.

ఇంకో కొలత బలం. జిమ్‌లో కూర్చుని కాలు చాచే మెషీన్ మీద ఒంటికాలితో పదిసార్లు ఎత్తగలిగిన బరువుని రెండు కాళ్లకీ విడివిడిగా చూశారు. మోకాలు ఎంతవరకు చాచవచ్చో ఈ మెషీన్ మీద ఫిజియోనే నిర్ణయించాలి, సొంతంగా చేయకూడదు. మూడున్నర నెలలకి మంచి కాలు 20 కిలోలు ఎత్తితే ఆపరేషన్ కాలు 12 కిలోలే ఎత్తింది. అంటే అరవై శాతం. పరుగు మొదలుపెట్టడానికి ఆయన అడిగింది కనీసం డెబ్భై శాతం, వాపు లేకుండా, పూర్తిగా చాచుకునే మోకాలు, ఒంటికాలి మీద అదుపుగా సగం కూర్చుని లేవడం. అందుకని తేదీ వచ్చినా పరుగు ఆగింది. నాలుగున్నర నెలలకి 15 కిలోలు, డెబ్భై ఐదు శాతం. అప్పుడు మైదానంలో ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక చొప్పున మొదలుపెట్టారు. నేరుగా మాత్రమే, మలుపులు లేకుండా.

ఆరో నెల: టోర్నమెంట్ కన్నా టేప్ గట్టిది

ఫిబ్రవరిలో ఇంటర్ కాలేజ్ టోర్నమెంట్ ఉంది. ఆపరేషన్ అయి సరిగ్గా ఆరు నెలలు. చెల్లి పరుగెత్తుతోంది, కోచ్ ఫోన్ చేస్తున్నారు, ఆ టోర్నమెంట్‌లో ఆడితే యూనివర్సిటీ జట్టు సెలక్షన్‌కి దారి దొరుకుతుంది. నాన్న కూడా "ఒక్క మ్యాచ్‌కి ఏమవుతుంది?" అన్నారు. ఫిజియో వాదించలేదు. నేల మీద గీత గీసి, టేప్ పరిచి, ఒంటికాలితో ముందుకి దూకి అదే కాలి మీద కదలకుండా దిగమన్నారు. ఎడమ కాలితో 120 సెంటీమీటర్లు, కుడి కాలితో 82. అరవై ఎనిమిది శాతం. ఆయన ఇంకోటి కూడా చూపించారు. ఫోన్‌లో వీడియో తీసి నెమ్మదిగా తిప్పితే, దిగేటప్పుడు చెల్లి కుడి మోకాలు లోపలికి ఒరుగుతోంది. మొదట లిగమెంట్ తెగిన రోజు మోకాలు ఒరిగిందీ అలాగే.

నాన్న వీడియో రెండుసార్లు చూశారు. "ఈసారి వద్దులేమ్మా" అన్నారు. చెల్లి ఆ రాత్రి అన్నం తినలేదు. అది మామూలు బాధ కాదు, మీ ఇంట్లోనూ అలాంటి రాత్రి వస్తే పిల్లలకి మాటలతో నచ్చజెప్పేకన్నా ఆ కొలతల్ని వాళ్ల చేతే కొలిపించండి. మర్నాడు చెల్లి తానే టేప్ పట్టుకుని, "ఇది తొంభై శాతం అయ్యే దాకా నన్నెవరూ పిలవద్దు" అంది.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఈ గాయం రెండోసారి జరగడం అరుదు కాదు. ఏసీఎల్ ఆపరేషన్ తర్వాత ఆటకి తిరిగి వెళ్లిన ఇరవై ఐదేళ్ల లోపు వాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి మళ్లీ ఏసీఎల్ తెగుతోందని పరిశోధనల్లో తేలింది. అదే మోకాలు కావచ్చు, రెండోది కావచ్చు. నార్వే, అమెరికా పరిశోధకులు 2016లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, తొమ్మిది నెలల వరకు ఆటని వాయిదా వేసిన ఒక్కో నెలకీ మళ్లీ గాయపడే అవకాశం దాదాపు సగం తగ్గింది. తొమ్మిది నెలలు ఆగడం ఒక్కటే సరిపోదు, రెండు కాళ్ల బలం సమానం కావాలని కూడా అందులో ఉంది. మన వాళ్లలో చూస్తే, 2022 డిసెంబర్ 30న కారు ప్రమాదంలో మోకాలి లిగమెంట్లు దెబ్బతిన్న రిషభ్ పంత్ మళ్లీ మ్యాచ్ ఆడింది 2024 మార్చిలో, ఐపీఎల్‌లో. ఆయనకి ఒకటి కన్నా ఎక్కువ లిగమెంట్లకి గాయమైంది కాబట్టి నేరుగా పోల్చలేం. కానీ ఎన్ని సదుపాయాలున్నా తొందరపెట్టలేనిది ఇందులో ఉందని మాత్రం తెలుస్తుంది.

తొమ్మిదో నెల తర్వాత: మ్యాచ్‌కి మెట్లు

ఆరో నెల నుంచి పని మారింది. ముందు రెండు కాళ్లతో దూకి మెత్తగా దిగడం, మోకాలు కాలి వేళ్ల వైపే ఉండేలా. తర్వాత ఒంటికాలితో. తర్వాత మెల్లగా వంకర పరుగు, ఆ తర్వాతే చప్పున ఆగి తిరగడం. ఒక్కో దశకి రెండు మూడు వారాలు. తొమ్మిదిన్నర నెలలకి, అంటే మే చివర్లో, మళ్లీ కొలిచారు. దూకుడు ఎడమ 125 సెంటీమీటర్లు, కుడి 116, తొంభై మూడు శాతం దగ్గర. మెషీన్ మీద 22 కిలోలకి 20 కిలోలు, తొంభై ఒకటి. వీడియోలో మోకాలు నిటారుగా నిలిచింది. శాతాలు చూసేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. నెలల తరబడి ఆటలేక మంచి కాలు కూడా బలహీనపడుతుంది. అప్పుడు రెండూ బలహీనంగా ఉండి కూడా శాతం బాగా కనబడొచ్చు. అందుకే ఫిజియో ఎడమ కాలి సంఖ్య ఫిబ్రవరి కన్నా తగ్గలేదని కూడా సరిచూశారు.

ఇంత జరిగినా చెల్లి మనసు సిద్ధం కాలేదు. పన్నెండు ప్రశ్నల ఫారం ఒకటి ఇచ్చారు. మళ్లీ తెగుతుందని భయమా, ఆడేటప్పుడు మోకాలి గురించే ఆలోచిస్తావా లాంటివి. అందులో ఆమె మార్కులు తక్కువ వచ్చాయి. ప్రాక్టీస్‌లో కుడి కాలు మోపి తిరగాల్సిన చోట ఎడమ కాలికి మారిపోయేది. భయంతో ఆడేవాళ్లు తప్పు కాలి మీద దిగుతారు కాబట్టి దీన్ని కూడా కొలతగానే లెక్కేశారు. కాబట్టి మ్యాచ్‌కి ముందు ఇంకో ఐదారు వారాలు మెట్లు వేశారు. ఒంటరిగా రైడ్ కదలికలు, తర్వాత పట్టుకోని డిఫెండర్లతో, తర్వాత ఒకే డిఫెండర్ చెప్పి పట్టుకునేలా, తర్వాత చెప్పకుండా, చివరికి పూర్తి ప్రాక్టీస్. ప్రతి మెట్టు తర్వాత మర్నాటి వాపు చూశాం. జులైలో మొదటి మ్యాచ్, ఆపరేషన్ అయి పదకొండు నెలలు. ఒక హాఫ్ మాత్రమే ఆడింది. ఇప్పటికీ వారంలో రెండు రోజులు తొడ వ్యాయామాలు, ఆటకి ముందు దూకి దిగే సాధన మానలేదు.

ఇది ఒక మోకాలి కథ. మీ పిల్లలకి లిగమెంట్‌తో పాటు మోకాలిలోని మెత్తటి గుజ్జు, అంటే మెనిస్కస్, కూడా కుట్టి ఉంటే మొదటి వారాల్లో కాలు మోపడం, వంచడం మీద వేరే నిబంధనలు ఉంటాయి. ఎముక ఇంకా పెరిగే వయసు వాళ్లకి ఆపరేషన్ పద్ధతే మారవచ్చు. అందుకే పైన చెప్పిన కిలోలు, సెంటీమీటర్లు మీ వాళ్లకి లక్ష్యాలు కావు, ఏం కొలవాలో తెలియడం కోసం ఇచ్చినవి.

మీ అబ్బాయో అమ్మాయో ఈ దశల్లో ఉంటే మాకు ఒక సాయం చేయండి. ప్రతి రివ్యూ తర్వాత ఫిజియోని రెండు వాక్యాలు రాసివ్వమనండి: ఇప్పుడు ఏం చేయవచ్చు, ఏం చేయకూడదు. "పీఈటీ పీరియడ్ వద్దు" అని మాత్రం రాస్తే పిల్లలు చెట్టు కింద కూర్చుండిపోతారు. "నేరు పరుగు చేయవచ్చు, మలుపులు, దూకడం వద్దు" అని రాస్తే పీఈటీ సార్ వాళ్లని మైదానంలోనే ఉంచగలరు. ఆ కాగితం డైరీలో అంటించి క్లాస్ టీచర్‌కి చూపించండి. టీమ్ లిస్ట్ రాసే రోజు మేం మొదట చూసేది దాన్నే.